ముందే పట్టుకునే ప్రాసెసింగ్ ఫీజు, బీమా కలిపితే రుణం వార్షిక రేటు ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

### ఒప్పందంలో వడ్డీ 12 శాతం అని ఉంది. ఫీజు, బీమా ముందే పట్టుకున్నారు. నాకు నిజంగా పడుతున్న రేటు ఎంత?

ఈ పేజీ అంతటా ఒకే రుణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మంజూరైన మొత్తం 3,00,000 రూపాయలు, వడ్డీ తగ్గే బాకీ మీద ఏడాదికి 12 శాతం, గడువు 36 నెలలు. దీనికి నెలవారీ వాయిదా, అంటే ఈఎంఐ, 9,964 రూపాయలు. రుణదాత ప్రాసెసింగ్ ఫీజు కింద పన్నుతో కలిపి 6,000, రుణానికి జతచేసిన జీవిత బీమా ఏకమొత్తపు ప్రీమియం కింద 9,000 ముందే మినహాయించుకుని, మిగిలిన 2,85,000 రూపాయలను ఖాతాలో వేస్తారు.

ఈ రుణం వార్షిక శాతం రేటు 15.6. ఒప్పందంలోని వడ్డీ కంటే 3.6 శాతం పాయింట్లు ఎక్కువ. ప్రాసెసింగ్ ఫీజును మాత్రమే లెక్కలోకి తీసుకుంటే 13.4 శాతం వస్తుంది, మిగిలిన 2.2 పాయింట్లు బీమా వల్ల చేరినవి. మన ఉదాహరణలో ఫీజు కంటే బీమాయే పెద్ద భారమన్న సంగతి గమనించండి. రుణం తీసుకునేవారు ఫీజు దగ్గర గట్టిగా బేరమాడి, ప్రీమియం దగ్గర మాట్లాడకుండా సంతకం చేయడం తరచుగా జరుగుతుంది కాబట్టి ఈ విషయాన్ని మొదటే చెబుతున్నాను.

### వడ్డీ రేటుకూ వార్షిక శాతం రేటుకూ తేడా ఏమిటి?

వడ్డీ రేటు రుణదాత పుస్తకంలో ఉన్న బాకీ మీద వడ్డీ ఎంత పడుతుందో చెబుతుంది. వార్షిక శాతం రేటు, వాడుకలో ఏపీఆర్, మీ చేతికి నిజంగా వచ్చిన సొమ్ముకు, మీ చేతి నుంచి నిజంగా వెళ్లే సొమ్ముకు మధ్య ఉన్న సంబంధాన్ని చెబుతుంది. ఫీజులేవీ లేని రుణానికి రెండూ ఒకటే.

### ఆ 15.6 శాతం ఎలా వచ్చింది?

ఒకే రుణానికి రెండు ఖాతా పుస్తకాలు రాసి చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. రుణదాత పుస్తకంలో మొదటి రోజు బాకీ 3,00,000. మొదటి నెల దాని మీద 1 శాతం వడ్డీ 3,000 రూపాయలు. మీరు కట్టిన 9,964లో వడ్డీ పోగా 6,964 అసలుకు జమ అయి, బాకీ 2,93,036కు దిగుతుంది. ఇలా 36 నెలలు గడిచేసరికి బాకీ సున్నా అవుతుంది. ఈ పుస్తకంలో తప్పేమీ లేదు. ఒప్పందంలో రాసిన 12 శాతం దీని ప్రకారం నూటికి నూరు పాళ్లు నిజం.

ఇప్పుడు మీ పుస్తకం రాయండి. మొదటి రోజు మీకు అందినది 2,85,000 మాత్రమే కాబట్టి ప్రారంభ బాకీ అదే. కట్టే వాయిదా మాత్రం అదే 9,964. ఈ బాకీ సరిగ్గా 36వ నెలకు సున్నా కావాలంటే నెలకు ఎంత శాతం వడ్డీ పడుతున్నట్లు భావించాలి? దీనికి నేరుగా జవాబిచ్చే సూత్రం లేదు. ఒక రేటు వేసి చూసి, చివరికి బాకీ మిగిలితే రేటును తగ్గించి, అంతకంటే ముందే తీరిపోతే పెంచి, మళ్లీ వేసి చూడాలి. నెలకు 1.3 శాతం వేసి చూద్దాం. మొదటి నెల వడ్డీ 3,705, అసలుకు పోయేది 6,259, మిగిలే బాకీ 2,78,741. ఇలా చివరి వరకూ వేసుకుంటూ పోతే 36వ వాయిదా కట్టేసరికి తేడా కేవలం 20 రూపాయలు. అంటే నెలకు 1.3 శాతం దాదాపు సరైన రేటే. దాన్ని 12తో గుణిస్తే 15.6 వస్తుంది.

రెండు పుస్తకాల్లోనూ వాయిదా ఒకటే, నెలలూ అన్నే. మారినది మొదటి వరుసలోని సొమ్ము మాత్రమే. వార్షిక శాతం రేటు లెక్కంతా ఆ మొదటి వరుసలో ఏ అంకె వేస్తామన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

### ఇన్నిసార్లు వేసి చూడటం నా వల్ల కాదు. సులువైన దారి ఉందా?

ఉంది. ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా ఒక గడిలో ఈ సూత్రాన్ని టైప్ చేస్తే చాలు. పైన చెప్పిన వేసి చూడటమంతా అదే చేసుకుంటుంది.

```
=RATE(36,-9964,285000)*12
```

మొదటి అంకె వాయిదాల సంఖ్య, రెండవది వాయిదా, మూడవది చేతికి వచ్చిన సొమ్ము. వాయిదా ముందు మైనస్ గుర్తు తప్పనిసరి, ఎందుకంటే ఒక సొమ్ము లోపలికి వస్తుంటే మరొకటి బయటికి పోతోందని సూత్రానికి తెలియాలి. రెండూ ఒకే గుర్తుతో ఉంటే జవాబుకు బదులు `#NUM!` అని వస్తుంది. జవాబు 0.156 అని కనిపిస్తే ఆ గడిని శాతం రూపంలోకి మార్చుకోండి.

అంకెలు సరిగ్గా ఇచ్చారో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చేతికి వచ్చిన సొమ్ము స్థానంలో మంజూరైన 3,00,000 వేయండి. ఒప్పందంలోని 12 శాతమే తిరిగి రావాలి. అలా రాకపోతే వాయిదాలోనో నెలల సంఖ్యలోనో పొరపాటు ఉంది, లేదా రుణదాత చెప్పిన వడ్డీ తగ్గే బాకీ మీద కాకుండా గడువంతా మొదటి అసలు మీదే వేసేది అయి ఉంటుంది. ఈ రెండో సంగతి బయటపడితే, ఫీజుల లెక్కకు ముందే పెద్ద తేడా ఉన్నట్లు.

### ముందే పట్టుకున్న 15,000 అంటే రుణంలో 5 శాతం. మూడేళ్లకు పంచితే ఏడాదికి 1.67 శాతమే కదా? 12కు అది కలిపితే 13.67 రావాలి కదా?

చాలామంది వేసే లెక్క ఇదే, పైకి సబబుగానే కనిపిస్తుంది. అది 3,00,000 రూపాయలు మూడేళ్లపాటూ మీ దగ్గరే ఉంటాయని అనుకుంటుంది. నిజానికి మొదటి నెల నుంచే అసలు కొంత కొంతగా వెనక్కి వెళ్లిపోతోంది. మొత్తం 36 నెలలకు సగటు తీస్తే, రుణదాత పుస్తకం ప్రకారమే మీ దగ్గర ఉన్న బాకీ 1,63,000 రూపాయల చుట్టూ ఉంటుంది, దాదాపు సగం. ఏడాదికి పడే 5,000 ఖర్చును 3,00,000తో కాకుండా ఈ సగటు బాకీతో భాగిస్తే 1.67 కాదు, 3 శాతానికి పైగా వస్తుంది.

మిగిలిన అర శాతం ఎక్కడి నుంచి వచ్చిందని అడగవచ్చు. మీ దగ్గర ఉన్న సొమ్ము ఆ 1,63,000 కూడా కాదు. మీకు అందనే అందని 15,000 మీద కూడా రుణదాత వడ్డీ వేస్తున్నారు. మీ పుస్తకం ప్రకారం సగటు బాకీ సుమారు 1,57,500. మీరు మూడేళ్లలో మోసే మొత్తం ఖర్చు వడ్డీ 58,704, దానికి తోడు ఫీజు, బీమా 15,000, వెరసి 73,704. ఏడాదికి 24,568. దాన్ని 1,57,500తో భాగించండి: 15.6 శాతం.

కాబట్టి ముందు పట్టుకునే ఖర్చు రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది. వాడుకునే సొమ్ము తగ్గుతుంది, వాడుకోని సొమ్ముకు వడ్డీ పడుతుంది. ముందు పట్టుకున్న సొమ్ము రుణంలో ఎంత శాతమో చూసి దాన్ని ఏళ్లతో భాగించే పద్ధతి వాయిదాల రుణానికి ఎప్పుడూ తక్కువ చేసి చూపిస్తుంది.

### గడువు మారితే ఈ తేడా మారుతుందా?

బాగా మారుతుంది. అదే 3,00,000, అదే 12 శాతం, అవే 15,000 అనుకుని గడువు 12 నెలలకు కుదిస్తే ఏపీఆర్ సుమారు 21.9 శాతం అవుతుంది. 60 నెలలకు పెంచితే సుమారు 14.3కు దిగుతుంది. ఒకేసారి పడే ఖర్చును తక్కువ కాలం మీద పంచితే ఏడాదికి ఎక్కువ పడటం సహజం. అయితే ఎక్కువ గడువు చవక అని దీనికి అర్థం కాదు. అయిదేళ్లలో కట్టే మొత్తం వడ్డీ రూపాయల్లో చాలా ఎక్కువ. ఏపీఆర్‌ను ఒకే గడువు ఉన్న రుణాల మధ్య పోలికకు వాడటమే క్షేమం. కొద్ది నెలల చిన్న రుణానికి మాత్రం ఫీజే అసలు ధర, వడ్డీ రేటు దాదాపు అలంకారం.

### ఫీజు, ప్రీమియం నా చేతి నుంచి పట్టుకోలేదు, రుణానికే కలిపారు. అప్పుడు అదనపు భారం లేనట్లేనా?

లేనట్లు కాదు. ఈ పద్ధతిలో మీ చేతికి పూర్తిగా 3,00,000 వస్తాయి, కానీ రుణం 3,15,000 అని రాస్తారు. ఈఎంఐ 10,462 రూపాయల 50 పైసలు అవుతుంది. అంటే నెలకు సుమారు 498 రూపాయలు ఎక్కువ. 36 నెలలకు అది సుమారు 17,936. పదిహేను వేల ఖర్చు మీద మూడేళ్ల వడ్డీ కూడా చేరిందన్నమాట.

దీని ఏపీఆర్ 15.4 శాతం. మినహాయించుకున్నప్పుడు వచ్చిన 15.6 కంటే కాస్త తక్కువగా కనిపించడానికి కారణం సులువే: అదే 15,000 ఖర్చు ఇప్పుడు కాస్త పెద్ద సొమ్ము మీద పరచుకుంది. రేటు కోణంలో రెండూ దాదాపు ఒకటే, కాబట్టి జేబులోంచి ఏమీ పోలేదన్న మాటకు విలువ ఇవ్వకండి. ఈ పద్ధతిలో మరొక చిక్కు ఉంది. ఈఎంఐలో కలిసిపోయిన ప్రీమియం విడిగా కనిపించదు. దాన్ని పట్టుకోవాలంటే ఒప్పందంలోని రుణ మొత్తాన్ని, ఖాతాలో జమ అయిన మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి. రెండింటికీ తేడా ఉంటే ఆ తేడాలోని ప్రతి రూపాయికీ పేరు అడగండి.

### బీమా నాకు రక్షణ ఇస్తుంది కదా, దాన్ని రుణం ఖర్చుగా చూడటం న్యాయమేనా?

ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి ఒకే జవాబు లేదు. ఫీజుకు బదులుగా మీకు విడిగా దక్కేది ఏమీ ఉండదు. బీమా అలా కాదు; రుణగ్రహీత మరణిస్తే మిగిలిన బాకీని బీమా సంస్థ తీర్చుతుంది, కుటుంబం మీద భారం పడదు. అయితే ఈ రకం బీమాలో రక్షణ మొత్తం సాధారణంగా బాకీతో పాటే తగ్గుతూ పోతుంది, ప్రీమియం మాత్రం మొత్తం కాలానికీ మొదటి రోజే కట్టించుకుంటారు. బీమా సొమ్ము ముందుగా చేరేదీ రుణదాతకే.

నేను పాటించమని చెప్పే కొలమానం ఇది. బీమా వద్దంటే రుణం ఇవ్వరు, లేదా వడ్డీ పెంచుతారు అన్నప్పుడు, ప్రీమియం మొత్తాన్నీ రుణం ఖర్చుగానే లెక్కించాలి. దాన్ని ఏ పేరుతో పిలిచినా అది ఈ అప్పు పుట్టడానికి కట్టిన ధర. బీమా పూర్తిగా మీ ఇష్టానికి వదిలేసి, మీకూ అది అవసరమే అయితే, అదే రక్షణ బయట ఎంతకు దొరుకుతుందో కనుక్కోండి. బయట 4,000కు దొరికే రక్షణకు ఇక్కడ 9,000 కట్టారనుకుందాం. 4,000 మీరు ఎలాగూ పెట్టే ఖర్చు. పైన పడిన 5,000 రుణం ఖర్చు. అప్పుడు చేతికి వచ్చిన సొమ్ముగా 2,89,000 వేసి లెక్కిస్తే ఏపీఆర్ సుమారు 14.6 వస్తుంది. ఇక బీమా అవసరం లేనివారు, ఉదాహరణకు ఇప్పటికే సరిపడా పాలసీ ఉన్నవారు, ఈ సూక్ష్మతలు వదిలేసి 15.6నే తమ రేటుగా చూసుకోవాలి.

### నియమాలు ఏమంటున్నాయి? రుణదాత చూపే ఏపీఆర్‌లో బీమా కలిసి ఉంటుందా?

అది దేశాన్ని బట్టి మారుతుంది. భారత రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బీమా, న్యాయ సేవల వంటి వాటి కోసం మూడో పక్షం తరఫున రుణదాత వసూలు చేసే సొమ్ము కూడా ఏపీఆర్‌లో భాగం కావాలి, వాటిని విడిగా కూడా చూపాలి. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా మంజూరయ్యే రిటైల్ రుణాలకు, సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల టర్మ్ రుణాలకు ఈ వివరాలన్నీ ఉన్న కీలక వాస్తవాల పత్రాన్ని ఇవ్వాలి. అమెరికాలో 1968 నాటి రుణ పారదర్శకతా చట్టం కింద ఉన్న నిబంధనల ప్రకారం, రుణ బీమా ఐచ్ఛికమని రాతపూర్వకంగా తెలిపి, ఖర్చు చూపి, రుణగ్రహీత సంతకంతో కోరుకుంటే, ఆ ప్రీమియాన్ని ఏపీఆర్ నుంచి మినహాయించవచ్చు. యూరోపియన్ యూనియన్ 2008లో తెచ్చిన వినియోగ రుణ ఆదేశం ప్రకారం, రుణం దొరకడానికి లేదా ప్రకటించిన షరతులపై దొరకడానికి బీమా తప్పనిసరైతే దాన్ని కలపాలి.

ఐచ్ఛికమా, తప్పనిసరా అన్న ఒక్క గడిలో పెట్టే టిక్కు కొన్నిచోట్ల చూపే రేటునే మార్చేస్తుంది. దరఖాస్తు నింపేటప్పుడు ఆ గడిని ఎవరు నింపుతున్నారో చూసుకోవడం అందుకే అవసరం.

### ఒకచోట 15.6 అనీ, మరోచోట 16.8 అనీ వస్తోంది. ఏది సరైనది?

రెండూ సరైనవే, కొలత పద్ధతి వేరు. నెలకు 1.3 శాతాన్ని 12తో గుణిస్తే 15.6. నెలనెలా పడే వడ్డీ మీద మళ్లీ వడ్డీ పడుతుందని చక్రవడ్డీ పద్ధతిలో ఏడాదికి లెక్కిస్తే 16.8. అమెరికా నిబంధనలు మొదటి పద్ధతిని, యూరప్ రెండో పద్ధతిని వాడతాయి. స్ప్రెడ్‌షీట్‌లో తేదీలతో లెక్కించే `XIRR` ఇచ్చేది కూడా రెండో రకమే. ఒప్పందంలోని 12 శాతం మొదటి రకానికి చెందినది కాబట్టి దాన్ని 15.6తోనే పోల్చాలి. 16.8తో పోల్చాలనుకుంటే 12ను కూడా అదే పద్ధతికి మార్చి 12.7 చేసుకోవాలి. ఒక రుణానికి ఒక పద్ధతి, ఇంకో రుణానికి మరో పద్ధతి వాడి పోల్చడమే ఇక్కడ జరిగే తప్పు.

### ఒకరు 12 శాతానికి ఫీజు, బీమాలతో ఇస్తామంటున్నారు. మరొకరు 14 శాతానికి ఏ ఫీజూ లేకుండా ఇస్తామంటున్నారు. ఎవరి దగ్గర తీసుకోవాలి?

మన అంకెలతోనే చూద్దాం. 3,00,000 రూపాయలకు 14 శాతంతో 36 నెలల ఈఎంఐ 10,253. మొదటి రుణం ఈఎంఐ 9,964. నెలకు 289 రూపాయలు తక్కువ కాబట్టి మొదటిదే మేలనిపిస్తుంది. కానీ ఈ పోలికలో రెండు రుణాలూ సమానం కావు. 14 శాతం రుణంలో మీకు 3,00,000 అందాయి, 12 శాతం రుణంలో 2,85,000 మాత్రమే.

రెండింటిలోనూ చేతికి వచ్చే సొమ్మును సమానం చేయండి. 14 శాతం రుణంలో 2,85,000 మాత్రమే తీసుకుంటే ఈఎంఐ 9,741. ఇప్పుడు అదే సొమ్ము చేతికి వచ్చింది, అదే 36 నెలలు, కానీ 14 శాతం రుణం ఈఎంఐ 12 శాతం రుణం ఈఎంఐ కంటే 223 రూపాయలు తక్కువ. గడువు మొత్తానికి సుమారు 8,000 మిగులు. ఏపీఆర్‌లు ఒకటి 15.6, మరొకటి 14 అని చెప్పే మాటను రూపాయల్లోకి దించితే ఇదే.

స్ప్రెడ్‌షీట్ తెరవని వారు కూడా ఈ పోలికను వాడుకోవచ్చు. ప్రతి రుణదాతనూ ఒకటే అడగండి: నా ఖాతాలో సరిగ్గా 2,85,000 జమ కావాలి, 36 నెలలు కడతాను, నెలకు ఎంత? ఫీజు, ప్రీమియం, పన్ను ఏ పేరుతో ఎక్కడ దాగినా ఆ ఒక్క జవాబులోకి వచ్చి తీరతాయి.

### ఏడాది తర్వాత రుణం ముందే తీర్చేస్తే?

మూడేళ్లకు పంచాల్సిన 15,000 ఖర్చు ఒక్క ఏడాది మీద పడుతుంది కాబట్టి నిజమైన రేటు పెరుగుతుంది. మన రుణంలో 12వ వాయిదా కట్టాక రుణదాత పుస్తకంలో ఉండే బాకీ సుమారు 2,11,675. అది కట్టి ముగిస్తే, ముందస్తు చెల్లింపు రుసుము ఏమీ లేకపోయినా, ఆ ఏడాదికి మీకు పడిన రేటు 18.3 శాతం.

ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా తిరిగి రాదు. బీమా ప్రీమియంలో మిగిలిన కాలానికి చెందిన భాగం తిరిగి వచ్చే అవకాశం ఉంది, అది పాలసీ షరతులను బట్టి ఉంటుంది. 9,000లో మిగిలిన రెండేళ్ల వాటాగా 6,000 వెనక్కి వచ్చాయనుకుంటే రేటు 16.1కు దిగుతుంది. దాదాపు రెండు పాయింట్ల తేడా, అదీ ఒక్క దరఖాస్తుతో. రుణం ముగియగానే బీమా దానంతట అదే రద్దవుతుందనీ, సొమ్ము దానంతట అదే వస్తుందనీ అనుకోవద్దు. ముగింపు పత్రం తీసుకున్న రోజే బీమా సంస్థకు విడిగా రాయండి. అసలు ముందే తీర్చే ఉద్దేశం మొదటి నుంచీ ఉంటే, తక్కువ వడ్డీ, ఎక్కువ ఫీజు ఉన్న రుణాన్ని ఎంచుకోకపోవడమే మంచిది.

### మొదటి ఈఎంఐని కూడా ముందే పట్టుకుంటే?

అప్పుడు చేతికి వచ్చేది 2,75,036, కట్టాల్సిన వాయిదాలు 35. అవే అంకెలు సూత్రంలో వేస్తే 16.6 శాతం వస్తుంది. ముందస్తు ఈఎంఐ ఫీజు కాకపోయినా రేటును ఒక పాయింటు పెంచింది.

### ఏపీఆర్‌లో కలవని ఖర్చులు ఏవి?

జరగవచ్చు, జరగకపోవచ్చు అన్న ఖర్చులు కలవవు: వాయిదా ఆలస్యమైతే పడే జరిమానా, చెక్కు తిరిగొస్తే వేసే రుసుము, ముందస్తు చెల్లింపు రుసుము. మారే వడ్డీ ఉన్న రుణంలో రేపు వడ్డీ పెరిగితే పడే భారమూ ఇందులో ఉండదు. ఆ రోజు ఉన్న రేటే చివరి వరకూ ఉంటుందని భావించి లెక్కిస్తారు.

### నేను వేసిన లెక్కకూ రుణదాత ఇచ్చిన పత్రంలోని ఏపీఆర్‌కూ తేడా వస్తోంది. కారణం ఎలా తెలుసుకోవాలి?

తేడా ఎంత ఉందో చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. మన రుణానికి పత్రంలో 12 అని ఉంటే ఏ ఖర్చునూ కలపలేదు. వడ్డీ రేటునే మళ్లీ రాశారు. 13.4 అని ఉంటే ఫీజు కలిపి బీమాను వదిలేశారు. 13.7 దగ్గర ఉంటే మొత్తం ఖర్చును మంజూరైన మొత్తంతోనూ ఏళ్లతోనూ భాగించి వడ్డీకి కలిపిన ఆ తప్పుడు పద్ధతి వాడారు. 16.8 అయితే చక్రవడ్డీ పద్ధతిలో చూపారు, అందులో దాపరికం లేదు. పాయింటులో పదో వంతు, రెండు పదో వంతుల తేడా మాత్రమే ఉంటే, సొమ్ము జమ అయిన తేదీకీ మొదటి వాయిదా తేదీకీ మధ్య సరిగ్గా నెల లేకపోవడమో, వాయిదాను రూపాయికి సర్దడమో కారణం కావచ్చు. బీమాను వదిలేసినట్లు తేలితే, ఆ ప్రీమియాన్ని ఐచ్ఛికంగా నమోదు చేశారా అని రాతపూర్వకంగా అడగండి. అవునని జవాబిస్తే, దాన్ని వద్దనుకుని 2,94,000 చేతికి తీసుకునే హక్కు మీకు ఉన్నట్లే.